ఏడాది ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టినాం, నెలలకు ఎట్ల పంచాలి? ప్రీపెయిడ్ లెడ్జర్ మైనస్‌లో ఉంది

ప్రశ్న: అన్నా, ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ రాస్తాను. పోయిన నవంబర్ 15న స్టాక్‌కి, మిషన్లకి కలిపి ఏడాది ఫైర్ పాలసీ కట్టినాం, జీఎస్టీతో 1,29,210. పాలసీ 16-11-2024 నుంచి 15-11-2025 వరకు. కట్టిన రోజే మొత్తం ఇన్సూరెన్స్ ఖర్చులో వేసినా. తర్వాత తెలిసినాయన నెలనెలా ప్రీపెయిడ్ నుంచి జర్నల్ కొట్టాలంటే, 12తో భాగించి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు 10,767.50 లెక్కన నాలుగు నెలలు కొట్టినా. ఇప్పుడు ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ మైనస్‌లో చూపిస్తాంది. ఓనరేమో నవంబర్‌లో అంత లాస్ ఏంది అంటాండాడు. మార్చి ఎండింగ్ వస్తాంది, ఎట్ల సరిచేయాలి?

జవాబు:

తమ్ముడూ, ఆ మైనస్సే నీకు తప్పు ఎక్కడుందో చూపిస్తాంది. ప్రీపెయిడ్ అనేది ఆస్తి లెడ్జర్, అందులో ముందు డబ్బు వేస్తేనే తర్వాత నెలనెలా తీయొచ్చు, నువ్వు వేయకుండానే తీస్తాపోయినావు. కట్టిన రోజు మొత్తం ఖర్చులోకి పోయింది, మళ్ళీ జర్నల్‌లో నాలుగు నెలలది ఇంకోసారి ఖర్చులోకి పోయింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఖర్చు లెడ్జర్ తెరిచి చూడు, 1,72,280 ఉండాల. బ్యాంకు నుంచి పోయింది 1,29,210 మాత్రమే కదా, ఎక్కువున్న 43,070 ఎంతో ప్రీపెయిడ్‌లో మైనస్ కూడా సరిగ్గా అంతే ఉంటాది. ఈ రెండూ టాలీ అయితే నీ తప్పు ఇదొక్కటే, వేరే ఎక్కడా వెతకబల్లేదు.

ఇది చానా మందికి జరుగుతాది, ఏంటికంటే ముందే కట్టిన ఖర్చుకు రెండు పద్ధతులు ఉన్నాయి, రెండూ కరెక్టే, కానీ ఒకరి దగ్గర సగం ఇంకొకరి దగ్గర సగం విని కలిపేస్తే ఇట్లయితాది. మొదటి పద్ధతిలో కట్టిన రోజే మొత్తం ప్రీపెయిడ్‌లో పెట్టేస్తారు, నెల ముగిసినప్పుడల్లా ఆ నెల వాటా ఖర్చులోకి మారుస్తారు. రెండో పద్ధతిలో కట్టిన రోజు మొత్తం ఖర్చులోనే వేస్తారు, నెలనెలా ఏమీ ముట్టుకోరు, మార్చి 31న మాత్రం ఇంకా వాడని భాగాన్ని ఖర్చులోంచి తీసి ప్రీపెయిడ్‌కి పంపిస్తారు. గమనించు, రెండో దాంట్లో జర్నల్ దిశ ఉల్టా ఉంటాది. మొదటి దాంట్లో ఖర్చు డెబిట్, ప్రీపెయిడ్ క్రెడిట్. రెండో దాంట్లో ప్రీపెయిడ్ డెబిట్, ఖర్చు క్రెడిట్. నువ్వు కట్టినప్పుడు రెండో పద్ధతి, జర్నల్‌కి మొదటి పద్ధతి వాడినావు.

ఏడాదికి ఒకసారి మాత్రమే లెక్కలు చూసుకునే అంగడికైతే రెండో పద్ధతి చాలు, పని తక్కువ. మీ ఓనరు నెలనెలా లాభనష్టం అడుగుతాండాడు కాబట్టి నీకు మొదటిదే కావాల. ఇంక జిన్నింగ్ మిల్లుకు ఇంకో సంగతి ఉంది, పత్తి సీజన్ మొదలయ్యే నవంబర్‌లోనే ఏడాది ప్రీమియం పడితే ఆ నెల లాభం అంతా తినేసినట్టు కనపడతాది, ఎండాకాలం మిల్లు మూసినప్పుడు ఇన్సూరెన్స్ సున్నా అని కనపడతాది, రెండూ అబద్ధమే. కొందరు ఓనర్లు సీజన్ నెలల్లోనే పంచు, మిల్లు నడవనప్పుడు ఖర్చు ఎందుకు అంటారు. నేనైతే ఒప్పుకోను. మిల్లు మూసున్నా గోడౌన్‌లో బేళ్ళు కాలితే కంపెనీ క్లెయిమ్ ఇస్తాది కదా, అంటే రక్షణ ప్రతిరోజూ నడుస్తాంది, ఖర్చు కూడా ప్రతిరోజూ నడవాల్సిందే. ఏడాది బాడిగ ముందే ఇచ్చిన అంగడి లాంటిదే ఇది, తలుపు తీసినా తీయకపోయినా ఆ రోజు బాడిగ అయిపోతాది.

సరే, పంచే ముందు రెండు విషయాలు తేల్చుకోవాల. ఎంత మొత్తాన్ని పంచాల, ఏ రోజు నుంచి పంచాల. నువ్వు రెండింటిలోనూ రొంత తప్పినావు.

మొత్తం సంగతి చూద్దాం. 1,29,210లో అసలు ప్రీమియం 1,09,500, దానిమీద 18 శాతం జీఎస్టీ 19,710. మీ మిల్లు రెగ్యులర్ జీఎస్టీలో ఉండి ట్యాక్స్ వేసి దూది అమ్ముతాంటే ఈ 19,710 ఖర్చు కాదు, ఇన్‌పుట్ క్రెడిట్. అది 12 నెలలకు పంచేది కూడా కాదు, బిల్లు వచ్చి `GSTR-2B`లో కనపడితే ఒకేసారి మొత్తం తీసుకోవచ్చు. కాబట్టి పంచాల్సింది 1,09,500 మాత్రమే. నువ్వు ట్యాక్స్‌తో కలిపి భాగించినావు, అందుకే నెలకు 10,767.50 వచ్చింది. ఇంతవరకు క్రెడిట్ తీసుకోకపోయినా భయం లేదు, 2024-25 బిల్లుకు 2025 నవంబర్ 30 దాకా టైం ఉంది, ఆ లోపల యాన్యువల్ రిటర్న్ వేసేస్తే మాత్రం ఆ రోజుతోనే సరి. పాలసీ కాగితం మీద మీ మిల్లు జీఎస్టీ నంబర్ ఉందా లేదా ముందు చూసుకో, లేకపోతే `2B`లోకి రాదు, కంపెనీ ఆఫీసుకు పోయి సరి చేయించుకోవాల. కాంపోజిషన్‌లో ఉన్నోళ్ళు, క్రెడిట్ రానోళ్ళు మాత్రం ట్యాక్స్‌తో కలిపి మొత్తాన్నే ప్రీపెయిడ్‌లో పెట్టి పంచాల, వాళ్ళకు అది నిజంగానే ఖర్చు.

ఇంక రోజు సంగతి. డబ్బు కట్టిన తేదీ చూడొద్దు, పాలసీలో రిస్కు మొదలయ్యే తేదీ చూడు. 1938 ఇన్సూరెన్స్ యాక్ట్ 64 వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం చేతికి రాకుండా కంపెనీ రిస్కు మొదలుపెట్టకూడదు, అందుకే ఇన్సూరెన్స్ ఎప్పుడూ ముందుగానే కడతాం, కట్టిన తేదీకీ మొదలయ్యే తేదీకీ మధ్య రోజో వారమో గ్యాప్ ఉంటాది. ఆ గ్యాప్‌లో ఖర్చు సున్నా. నీకు ఒక్క రోజే తేడా కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు, కానీ వచ్చే రెన్యువల్ నువ్వు నవంబర్ 5నే కట్టేస్తే అప్పుడు తెలుస్తాది, ఆ పది రోజులూ పాత పాలసీనే ఖర్చవుతా ఉంటాది, కొత్తది ముట్టుకోకూడదు.

నీ పాలసీ నవంబర్ 16న మొదలు, కాబట్టి నవంబర్‌కి నిండు నెల వాటా వేయడం తప్పు. 365 రోజులకు 1,09,500 అంటే రోజుకు సరిగ్గా 300. నవంబర్‌లో 15 రోజులు, 4,500. డిసెంబర్ 31 రోజులు, 9,300. జనవరి కూడా 9,300. ఫిబ్రవరి 28 రోజులు, 8,400. మార్చి 9,300. మొత్తం 136 రోజులు, 40,800. మార్చి 31 రాత్రికి ఇంకా 229 రోజులు మిగులుతాయి, 68,700. రెండూ కూడితే మళ్ళీ 1,09,500 రావాల, వస్తాంది.

రోజుల లెక్క ఎందుకు, నెలకు 9,125 వేసుకుని నవంబర్‌కి సగం వేస్తే కాదా అని అడుగుతావేమో. కాదనేం లేదు. అట్ల చేస్తే మార్చికి నాలుగున్నర నెలలు, 41,062.50 వస్తాది, తేడా 262.50. ఈ తేడాకు ఏ ఆడిటరూ గొడవ పెట్టుకోడు. పాలసీ ఒకటో తేదీన మొదలైతే నేను కూడా నెలల లెక్కే వేస్తా. మధ్యలో మొదలైతే మాత్రం రోజులే మేలు, ఏంటికంటే తర్వాత సరిచూసుకునేది సులువు, అది కింద చెప్తా. ఏదో ఒకటి పట్టుకుని ఏడాదంతా అదే నడిపించు, మధ్యలో మార్చొద్దు.

ఇప్పుడు సరిచేసే పని. ఈ నెలల లెక్కలు బ్యాంకుకు గానీ బయట ఎవరికన్నా గానీ ఇవ్వకుంటే, పాత ఓచర్లే తెరిచి దిద్దేయొచ్చు, కట్టిన ఓచర్‌లో ఖర్చు బదులు ప్రీపెయిడ్, జీఎస్టీ వేరుచేసి, నాలుగు జర్నల్స్‌లో అంకెలు మార్చి. ఇచ్చేసి ఉంటే పాతవి ముట్టుకోకు, కొత్తగా `F7` జర్నల్స్ వేయి. ముందు నువ్వు కొట్టిన నాలుగింటినీ ఎత్తేయి:

ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ డెబిట్ 43,070
ఇన్సూరెన్స్ ఖర్చు క్రెడిట్ 43,070

ఇది వేస్తే ప్రీపెయిడ్ సున్నాకు వస్తాది, ఖర్చులో 1,29,210 మిగులుతాది. తర్వాత కట్టిన రోజు చేయాల్సింది ఇప్పుడు చేయి:

ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ డెబిట్ 1,09,500
ఇన్‌పుట్ సీజీఎస్టీ డెబిట్ 9,855
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ డెబిట్ 9,855
ఇన్సూరెన్స్ ఖర్చు క్రెడిట్ 1,29,210

(కంపెనీ బిల్లు ఆంధ్ర బయటి ఆఫీసు నంబర్ మీద వచ్చింటే అది ఐజీఎస్టీ 19,710 అయితాది, బిల్లు చూసి వేయి.) ఇప్పుడు ఖర్చు సున్నా, ప్రీపెయిడ్‌లో నిండుగా 1,09,500. చివరగా ఫిబ్రవరి వరకు అయిపోయిన భాగం:

ఇన్సూరెన్స్ ఖర్చు డెబిట్ 31,500
ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ క్రెడిట్ 31,500

31,500 అంటే 4,500, 9,300, 9,300, 8,400 కలిపింది. ఓనరుకు నెలనెలా సరిగ్గా కనపడాలంటే దీన్ని నాలుగు ముక్కలు చేసి ఆయా నెలాఖరు తేదీలతో వేయి, ఒక్క ఫిబ్రవరి 28న వేస్తే ఫిబ్రవరి నెల ఉబ్బిపోతాది. పైన 43,070 ఎంట్రీని కూడా 10,767.50 లెక్కన నాలుగు ముక్కలు చేసి నువ్వు ముందు కొట్టిన ఆయా నెలల తేదీలకే వేయి, 1,29,210 ఎంట్రీ నవంబర్ 15 తేదీకే పోవాల, అప్పుడే నవంబర్ లాస్ కథ తేలేది. అట్ల వేయడానికి వీల్లేదంటే ఓనరుకు కూర్చోబెట్టి చెప్పు, నవంబర్‌కి నిజమైన ఇన్సూరెన్స్ ఖర్చు 4,500 మాత్రమే అని. ఇంకో మాట, ప్రీపెయిడ్ లెడ్జర్ టాలీలో `Current Assets` కింద ఉందా లేక పొరపాటున ఖర్చుల గ్రూపు కింద తెరిచినావా చూసుకో, ఖర్చుల కింద ఉంటే ఎన్ని జర్నల్స్ కొట్టినా లాభంలో చిల్లిగవ్వ మారదు, ఇది బయటపడక జుట్టు పీక్కునేవాళ్ళను చూసినా.

ఇప్పుడు సరిచూసుకునేది. ఏ నెలాఖరుకైనా పాలసీ కాగితం తీసి, ఆ రోజు తర్వాత ఎన్ని రోజులు మిగిలినాయో లెక్కపెట్టి 300తో గుణించు. ప్రీపెయిడ్ బ్యాలెన్స్ అంతే ఉండాల. ఫిబ్రవరి 28కి మిగిలింది 260 రోజులు, 78,000. నీ లెడ్జర్‌లో 1,09,500లోంచి 31,500 పోతే 78,000. సరిపోయింది. ఇట్ల చూస్తే జర్నల్ ఒక నెల మర్చిపోయినా, రెండుసార్లు కొట్టినా వెంటనే దొరుకుతాది. లెడ్జర్‌లో లెక్క కన్నా 9,300 ఎక్కువుంటే ఒక నెల కొట్టలేదు, 9,300 తక్కువుంటే రెండుసార్లు కొట్టినావు. ఆడిటరు అడిగేది కూడా జర్నల్స్ కాదు, ఈ లెక్కే, పాలసీ నంబర్, మొదలు, ముగింపు, ప్రీమియం, మిగిలిన రోజులు, మిగిలిన డబ్బు, ఒక చిన్న షీట్‌లో వేసి ఇస్తే ఆయన పాలసీ కాపీతో పోల్చుకుని టిక్కు పెట్టి పోతాడు.

మార్చి 31కి నువ్వు ప్రత్యేకంగా చేసేదేమీ ఉండదు, మార్చి నెల 9,300 వేస్తే 68,700 దానంతట అదే ప్రీపెయిడ్‌లో నిలిచి బ్యాలెన్స్ షీట్‌లోకి పోతాది. ఏప్రిల్‌లో 9,000, మే 9,300, అట్ల పోతాపోతా నవంబర్‌లో ఆఖరి 15 రోజులది 4,500 వేస్తే ఆ పాలసీ సున్నా. రెండో పద్ధతి వాళ్ళకే మార్చి 31న సర్దుబాటు పద్దు ఉండేది, ప్రీపెయిడ్ డెబిట్ 68,700, ఖర్చు క్రెడిట్ 68,700, మళ్ళీ ఏప్రిల్ 1న దాన్నే ఉల్టా కొట్టాల. ఆ ఏప్రిల్ 1 ఎంట్రీ మర్చిపోవడమే ఆ పద్ధతిలో పెద్ద జబ్బు. మర్చిపోతే 68,700 ఏ ఏడాది ఖర్చులోకీ పోకుండా ఆస్తిలా కూర్చుంటాది, కొత్త ఏడాది లాభం అంత ఎక్కువ కనపడతాది, దానిమీద ట్యాక్స్ కూడా కడతారు. మీ ఆడిటర్ ఫైల్లో వరుసగా రెండు మార్చిలకు ప్రీపెయిడ్ పైసాతో సహా ఒకే అంకె కనపడిందంటే జరిగింది ఇదే అనుకో.

నీ కేసులో ఇంకా రాబోయే చిక్కు ఒకటుంది. సీజన్‌లో స్టాక్ పెరిగితే మధ్యలో సమ్ ఇన్స్యూర్డ్ పెంచి అదనపు ప్రీమియం కడతారు, ఎండార్స్‌మెంట్ అంటారు కదా. దాన్ని మళ్ళీ ఏడాదికి పంచొద్దు. అది మొదలైన రోజు నుంచి అసలు పాలసీ ముగిసే రోజు వరకే. ఉదాహరణకు జనవరి 10 నుంచి ట్యాక్స్ కాకుండా 15,500 అదనంగా కట్టినారనుకో, నవంబర్ 15 వరకు 310 రోజులు, రోజుకు 50. మార్చి 31 వరకు 81 రోజులు, 4,050 ఖర్చు, మిగిలిన 229 రోజులకు 11,450 ప్రీపెయిడ్. చూసినావా, మిగిలిన రోజులు అసలు పాలసీకి, దీనికీ ఒకటే 229, ఏంటికంటే రెండూ ఒకే రోజు ముగుస్తాయి. షీట్‌లో దీనికి వేరే వరుస వేయి కానీ లెడ్జర్ ఒకటే చాలు, మొత్తం బ్యాలెన్స్ 68,700, 11,450 కలిపి 80,150 రావాల. నవంబర్‌లో రెన్యువల్ పడినప్పుడు కూడా ఇంతే, ఒకే లెడ్జర్‌లో పాతదీ కొత్తదీ కొన్ని రోజులు కలిసి ఉంటాయి, షీట్ లేకపోతే ఏది ఎంతో తెలియదు.

బ్యాంకు లోను ఉన్న మిల్లులకు ఇంకోటి జరుగుతాది. స్టాక్ తాకట్టులో ఉంటే కొన్నిసార్లు బ్యాంకే ప్రీమియం కట్టేసి సీసీ అకౌంట్‌లో డెబిట్ చేస్తాది. స్టేట్‌మెంట్‌లో ఏదో పొట్టి వివరం ఉంటాది, అకౌంటెంట్ దాన్ని బ్యాంక్ చార్జీల్లో వేసి పోతాడు, ప్రీపెయిడ్ మాటే రాదు, జీఎస్టీ క్రెడిట్ కూడా పోతాది. పోయిన ఏడాది బ్యాంక్ చార్జీల లెడ్జర్‌లో లక్ష దగ్గర్లో ఒకే ఎంట్రీ ఏమన్నా ఉందేమో ఒకసారి చూడు, ఉంటే బ్రాంచికి పోయి పాలసీ కాపీ అడుగు.

ఓనరు కారు ఇన్సూరెన్స్ కూడా మిల్లు లెక్కలోనే ఉంటే, మామూలుగా ఆ కారు జీఎస్టీకి క్రెడిట్ రాదు, కాబట్టి దాన్ని ట్యాక్స్‌తో కలిపే పంచు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ళ, కొత్త బైకులకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటాండారు, అట్లాంటిది ఉంటే పాలసీ కాగితంలో థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో, ఏడాది ఓన్ డ్యామేజ్ ఎంతో వేరువేరుగా ఉంటాది, రెండింటికీ రోజులు వేరు, కలిపి 365తో భాగించొద్దు. గుమాస్తా తిరిగే పాత బైకుకు కట్టే వెయ్యో రెండు వేలో మాత్రం నేరుగా ఖర్చులో వేసేయి, దానికి నెలనెలా జర్నల్ కొట్టడం దండగ, ఎంత లోపు ఉంటే పంచబల్లేదో మీ ఆడిటర్‌ని అడిగి ఒక అంకె పెట్టుకో, ప్రతి ఏడాదీ అదే అంకె వాడు.